జాబ్ మేళాలో కలిసిన హెచ్‌ఆర్‌కి ఏమని రాయాలి?

ప్రశ్న: మొన్న శనివారం నల్గొండలో జరిగిన జాబ్ మేళాలో ఒక ఫార్మా కంపెనీ హెచ్‌ఆర్ మేడమ్‌తో మూడు నాలుగు నిమిషాలు మాట్లాడాను. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చేశాను. క్యూసీ ట్రైనీ పోస్టు, ప్లాంట్ చౌటుప్పల్ దగ్గర. ల్యాబ్‌లో వాడే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద చేశావా అని అడిగారు, డెమో చూశానని చెప్పాను. నైట్ షిఫ్ట్ ఓకేనా అన్నారు, ఓకే అన్నాను. రెజ్యూమే తీసుకుని కార్డు ఇచ్చి "మెయిల్ చెయ్యి" అన్నారు. "నమస్తే మేడమ్, మిమ్మల్ని కలవడం చాలా సంతోషంగా ఉంది. నేను కష్టపడి పనిచేసే అభ్యర్థిని. నాకు ఒక్క అవకాశం ఇవ్వండి" అని రాసుకున్నాను. అంతమందిలో నేను ఆవిడకి గుర్తుంటానా? ఇది పంపొచ్చా?

సమాధానం:

మీ పేరు, ముఖం ఆవిడకి గుర్తుండవు. అలా గుర్తుంటాయన్న లెక్కతో మెయిల్ రాయకండి. ఒక స్టాల్ దగ్గరికి రోజంతా వందల మంది వస్తారు. సాయంత్రానికి ఆవిడ దగ్గర ఉండేది ఒక రెజ్యూమేల కట్ట, కొన్నిటి మీద పెన్నుతో గీసిన పొట్టి గుర్తులు. మీ కాగితం మూల మీద "షిఫ్ట్ ఓకే" అనో "హెచ్‌పీఎల్‌సీ లేదు" అనో రాసుకుని ఉండొచ్చు. ఆఫీసుకి వెళ్లాక ఆ కట్టని ఎవరో ఒకరు ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కిస్తారు. పేరు, ఫోన్ నంబరు, డిగ్రీ, పాసైన సంవత్సరం, మార్కులు, ఊరు, రిమార్కు. అక్కడి నుంచి మీరు ఆ షీట్‌లో ఒక వరుస.

కాబట్టి మీ మెయిల్‌కి రెండు పనులున్నాయి. ఆ షీట్‌లో మీ వరుసను ఆవిడ అర నిమిషంలో పట్టుకోగలగాలి. పట్టుకున్నాక అక్కడున్న రిమార్కు పక్కన ఇంకొక మంచి మాట చేరాలి. మీరు రాసుకున్న మూడు వాక్యాలు ఈ రెండిట్లో ఏదీ చేయవు. ఏ మేళా, ఏ పోస్టు, ఏ డిగ్రీ అన్నది వాటిలో ఎక్కడా లేదు. "కష్టపడి పనిచేసే అభ్యర్థిని" అన్న మాట ఆ రోజు వచ్చిన ప్రతి మెయిల్‌లోనూ ఉంటుంది. మీ మాటల్లో తప్పేమీ లేదు, కానీ చదివిన మనిషి దాంతో చేయగలిగిన పని ఏదీ లేదు. ఆ మెయిల్ అలాగే ఉండిపోతుంది.

ముందు మీ వరుస దొరకాలి

అన్నిటికంటే ముఖ్యమైనది ఫోన్ నంబరు. ఒకే పేరున్న వాళ్లు షీట్‌లో నలుగురు ఉండొచ్చు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. నంబరు మాత్రం ఒక్కటే, వెతికితే నేరుగా దొరుకుతుంది. అందుకే మేళాలో ఇచ్చిన రెజ్యూమే మీద ఏ నంబరు ఉందో అదే నంబరు మెయిల్ చివర ఉండాలి. రెజ్యూమేలో నాన్నగారి నంబరు, మెయిల్‌లో మీ నంబరు, వాట్సాప్ మూడో నంబరు నుంచి, ఇలా మన దగ్గర తరచూ జరుగుతుంది. అప్పుడు మీరు షీట్‌లో ఉన్నా దొరకరు. నంబరు మారి ఉంటే "మేళాలో ఇచ్చిన రెజ్యూమేలో ఫలానా నంబరు ఉంది, ఇప్పుడు ఇది వాడుతున్నాను" అని రెండూ రాయండి.

పేరు కూడా రెజ్యూమేలో ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే రాయాలి. మేళాకి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నప్పుడు ఏదైనా నంబరు ఇచ్చి ఉంటే దాన్నీ చేర్చండి. డిగ్రీ, పాసైన సంవత్సరం రెండూ పక్కపక్కన ఉండాలి, ఎందుకంటే ట్రైనీ పోస్టులకు షీట్‌ని మొదట వడకట్టేది చాలావరకు పాసైన సంవత్సరంతోనే.

సబ్జెక్టు లైను గురించి కాస్త ఆగి ఆలోచించండి. ఆవిడ మెయిల్‌ని మొదట ఫోన్‌లోనే చూస్తారనుకోండి. తెర మీద కనిపించేది సబ్జెక్టులో మొదటి నాలుగైదు మాటలు, మెయిల్ మొదటి వాక్యంలో ఇంకో నాలుగైదు. సబ్జెక్టు "ఉద్యోగం కోసం" అనీ, మొదటి వాక్యం "మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను" అనీ ఉంటే, ఆ కాస్త చోటూ వృథా అయిపోతుంది. మేళా ఊరు, రోజు, పోస్టు పేరు, డిగ్రీ, ఆఖరున మీ పేరు, ఈ వరుసలో పెట్టండి. మీ పేరు చివరికి పోవడం చిన్నతనం కాదు. ఆవిడ తలలో ఉన్నది మేళా, పోస్టు. వాటి మీదుగానే మీ దాకా వస్తారు.

గుర్తుచేసే వాక్యం ఒక్కటే, సరైనదే

మాట్లాడిన మూడు నిమిషాల్లో ఏది ఎంచుకోవాలన్నది ఈ మెయిల్‌లో అసలైన నిర్ణయం. ఆవిడ అడిగిన ప్రశ్న, దానికి మీరు చెప్పిన జవాబు, రెండూ కలిపి ఎంచుకోండి. మీ కాగితం మూల మీద ఏదైనా రాసుకున్నారంటే అది ఆ జవాబు గురించే అయ్యుంటుంది. మీ వాక్యమూ, ఆ గుర్తూ కలిసినప్పుడు "ఈ అబ్బాయా" అని ఆవిడకి అందుతుంది. "స్టాల్ దగ్గర మాట్లాడాం" అంటే అందదు, అందరూ స్టాల్ దగ్గరే మాట్లాడారు. వేసుకున్న చొక్కా రంగు, క్యూలో నిలబడ్డ సేపు లాంటివీ పనికిరావు.

మీ విషయంలో షిఫ్ట్ ప్రశ్న ఉంది, హెచ్‌పీఎల్‌సీ ప్రశ్న ఉంది. నేనైతే హెచ్‌పీఎల్‌సీనే ముందు పెడతాను. నైట్ షిఫ్ట్‌కి ఓకే అన్నవాళ్లు ఎంతోమంది ఉంటారు. చూశాను గానీ చేయలేదు అని ఉన్నదున్నట్టు చెప్పినవాళ్లు తక్కువ. అది మీ బలహీనత కదా, మళ్లీ గుర్తుచేయడమెందుకు అనిపించవచ్చు. ఆ గుర్తు కాగితం మీద ఎలాగూ ఉంది. మీరు దాచినా అక్కడే ఉంటుంది. మీరే దాన్ని ప్రస్తావించి, దాని పక్కన మీరు సొంతంగా చేసిన పనిని పెడితే రిమార్కు మారే అవకాశముంది.

ఇక్కడే చాలామంది జారిపోతారు. మేళాలో డెమో చూశానని చెప్పి, మెయిల్‌లో హెచ్‌పీఎల్‌సీ అనుభవం ఉందని రాస్తారు. ప్లాంట్‌లో టెక్నికల్ ఇంటర్వ్యూ చేసేది హెచ్‌ఆర్ కాదు, క్యూసీ ల్యాబ్ వాళ్లు. ఏ కాలమ్ వాడావు, మొబైల్ ఫేజ్ ఎలా తయారు చేశావు, ఎందుకు ఫిల్టర్ చేసి డీగ్యాస్ చేస్తారు, రిటెన్షన్ టైమ్ కదిలిపోతే ముందు ఏం చూస్తావు, ఇలాంటి రెండో ప్రశ్నకే విషయం బయటపడుతుంది. క్యూసీలో ఉద్యోగమంటేనే చేసింది చేసినట్టు రికార్డులో రాయడం. అబద్ధం అక్కడ పట్టుబడితే మిగతా జవాబుల్ని కూడా నమ్మరు.

బీఎస్సీ కెమిస్ట్రీ చేసిన మీరు టైట్రేషన్లు సొంత చేతులతో చేసి ఉంటారు. కాలేజీలో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే ప్రామాణిక ద్రావణాలు తయారు చేసి కాలిబ్రేషన్ గ్రాఫ్ గీసి ఉంటారు. చేసి ఉంటే అదే రాయండి. క్యూసీ ల్యాబ్‌లో కొత్తవాళ్లకి మొదట అప్పగించేవి తూకం వేయడం, ద్రావణాలు తయారు చేయడం, పీహెచ్ చూడటం, టైట్రేషన్ లాంటి పనులే. అందుకని అది చిన్న మాట అనుకోకండి. యూవీ మీద మీరు చేయలేదంటే కింద నేను రాసిన నమూనాలో ఆ ముక్క తీసేయండి.

ఇంకో జాగ్రత్త. ఆవిడ అననిది అన్నట్టు రాయకూడదు. "చూద్దాం" అన్నదాన్ని "ఇంటర్వ్యూకి పిలుస్తానన్నారు" అని రాస్తే, చదివిన మనిషి వెంటనే వెనక్కి తగ్గుతారు. తన పేరు మీద లేని హామీ ఒకటి కాగితం మీదికి వచ్చిందని అనిపిస్తుంది. "మెయిల్ చేయమన్నారు" అన్నది నిజం, అదే వాడండి. అది చాలా విలువైన మాట కూడా, ఎందుకంటే ఎవరూ అడగకుండానే మెయిల్ పంపినవాళ్లు మీరు కాదని అదే చెబుతుంది.

మెయిల్ ఇలా ఉంటే చాలు

> సబ్జెక్టు: నల్గొండ జాబ్ మేళా, శనివారం – క్యూసీ ట్రైనీ – బీఎస్సీ కెమిస్ట్రీ 2025 – మీ పేరు
>
> నమస్తే మేడమ్,
>
> శనివారం నల్గొండ జాబ్ మేళాలో చౌటుప్పల్ ప్లాంట్ క్యూసీ ట్రైనీ పోస్టు గురించి మీతో మాట్లాడాను. హెచ్‌పీఎల్‌సీ మీద చేశావా అని మీరు అడిగారు, కాలేజీలో డెమో మాత్రమే చూశానని చెప్పాను. మీరు చెప్పినట్టు రెజ్యూమే జత చేశాను.
>
> ఆ రోజు చెప్పని ఒక వివరం: ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్లు, యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ రీడింగులు, కాలిబ్రేషన్ గ్రాఫ్ సొంతంగా చేశాను. ప్రాక్టికల్ రికార్డు నా దగ్గర ఉంది, ఇంటర్వ్యూకి తేగలను. నైట్ షిఫ్ట్‌తో సహా అన్ని షిఫ్టులకూ సిద్ధంగా ఉన్నాను. చౌటుప్పల్‌లో గది తీసుకుని ఉంటాను.
>
> ఈ పోస్టుకి రాత పరీక్ష ప్లాంట్‌లోనే ఉంటుందా మేడమ్?
>
> మీ సమయానికి ధన్యవాదాలు.
>
> మీ పేరు
> బీఎస్సీ కెమిస్ట్రీ, 2025, సీజీపీఏ
> ఫోన్: మేళాలో ఇచ్చిన రెజ్యూమేలో ఉన్న నంబరే

పాసైన సంవత్సరం మీది ఏదైతే అది వేసుకోండి. కార్డు మీద పేరు ఉంది కాబట్టి "మేడమ్" ముందు ఆ పేరు, "గారు" చేర్చితే ఇంకా మంచిది. స్పెల్లింగు మాత్రం కార్డులో ఉన్నట్టే ఉండాలి. ఆవిడ మీతో తెలుగులో మాట్లాడారు కనుక తెలుగులో రాయడంలో తప్పు లేదు. ఆ కంపెనీలో మెయిళ్లన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయనిపిస్తే ఇంగ్లీషులో పంపండి. వాక్యాల వరుస ఇదే ఉంచండి, కొత్త పొగడ్తలు చేర్చకండి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మాత్రం వద్దు, చదవడానికి రెండింతల సేపు పడుతుంది.

చివర ఒక ప్రశ్న ఉంది చూడండి, దాన్ని తీసేయకండి. ప్రశ్న లేని మెయిల్‌ని చదివి వదిలేయొచ్చు. అయితే ఆ ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలగాలి. "నాకు ఉద్యోగం వస్తుందా", "జీతం ఎంత" అన్నవాటికి ఆవిడ ఒక్కరే జవాబు చెప్పలేరు, పైన అడగాలి. అలాంటి ప్రశ్న పడిన మెయిల్ తర్వాత చూద్దాంలే అని పక్కకి పోతుంది. రాత పరీక్ష ప్లాంట్‌లోనా, హైదరాబాద్ ఆఫీసులోనా అన్నది ఆవిడకి అప్పటికే తెలిసిన విషయం.

జత చేసే ఫైలు

ఒకే ఒక్క పీడీఎఫ్. మేళాలో ఇచ్చిన రెజ్యూమే ఏదో అదే. ఆ తర్వాత తప్పు దిద్దుకుని ఉంటే ఏం మార్చారో మెయిల్‌లో ఒక వాక్యం రాయండి. కాగితం మీద ఒక సీజీపీఏ, ఫైల్లో ఇంకొకటి ఉంటే చేరేముందు జరిగే సర్టిఫికెట్ల పరిశీలనలో అది పెద్ద చిక్కవుతుంది. ఫైలు పేరు "resume final new 2" అని ఉంటే ఆవిడ కంప్యూటర్లో దిగాక ఎవరిదో తెలియదు. ఇలా పెట్టండి:

```
MeePeru_BSc_Chemistry_2025_QC.pdf
```

మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఆధార్ ఇప్పుడే పంపకండి. అడిగినప్పుడు పంపుతారు. ముఖ్యంగా ఆధార్ కాపీని ఎవరూ అడగకుండా పంపడం మీకే మంచిది కాదు.

ఎప్పుడు పంపాలి

మేళా తర్వాత మొదటి పనిదినం ఉదయం. మీ మేళా శనివారం అయింది కాబట్టి సోమవారం ఆఫీసు మొదలయ్యే వేళకి అది ఆవిడ ఇన్‌బాక్స్‌లో పైన ఉండాలి. శనివారం రాత్రే పంపితే తప్పని కాదు, సోమవారానికి దాని మీద ఇంకో పాతిక మెయిళ్లు పడి ఉంటాయి. మీ సోమవారం ఇప్పటికే దాటిపోయి ఉంటే రేపు ఉదయమే పంపండి, ఆలస్యానికి క్షమాపణలతో మొదలుపెట్టకుండా. మరీ వారం దాటనివ్వకండి. అప్పటికి షీట్ వడకట్టడం అయిపోయి, పిలుపులు వెళ్లడం మొదలై ఉండొచ్చు.

రాత్రే రాసి పెట్టుకోవచ్చు. జీమెయిల్ యాప్‌లో మెయిల్ రాశాక పైన మూడు చుక్కలు నొక్కితే `Schedule send` కనిపిస్తుంది, కంప్యూటర్లో అయితే `Send` పక్కనున్న చిన్న బాణం కింద ఉంటుంది. పంపే ముందు ఫైలు జతైందో లేదో చూసుకోండి, జత చేశానని రాసి ఫైలు మరచిపోవడం అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు. పంపాక `Address not found` అని తిరిగొస్తే కార్డు మీద ఎల్ అక్షరాన్ని ఒకటి అంకెగా చదివారేమో, ఎక్కడైనా చుక్క వదిలేశారేమో చూడండి. ఊహించి నాలుగు రకాల చిరునామాలకి పంపకండి.

వాట్సాప్, లింక్డ్‌ఇన్

ఆవిడ మెయిల్ చేయమన్నారు కాబట్టి మొదట మెయిలే. కార్డు మీద నంబరు ఉంది కదా అని అదే రోజు ఫోన్ చేయకండి. ఎవరికైనా హెచ్‌ఆర్ "వాట్సాప్ చెయ్యి" అని చెప్పి ఉంటే, పై మెయిల్‌లోని మొదటి పేరా, ప్రశ్న, పేరు, డిగ్రీ వివరాలు ఒకే మెసేజ్‌లో పెట్టాలి. "హాయ్ మేడమ్" అని పంపి జవాబు కోసం కాచుకుంటే ఆ జవాబు రాదు, ఎవరో తెలియని నంబరుకి ఎవరూ పలకరు. రెజ్యూమేని ఫొటో తీసి పంపితే అక్షరాలు మసకబారతాయి, ప్రింట్ తీస్తే అసలు చదవలేం. `Document` ఎంచుకుని పీడీఎఫ్‌గానే పంపాలి.

లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్ పంపేటప్పుడు రాసే నోట్‌ని 200 అక్షరాల లోపు ఉంచుకోండి. తెలుగులో గుణింతపు గుర్తూ, ఒత్తూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి అనుకున్నదానికంటే త్వరగా నిండిపోతుంది. "శనివారం నల్గొండ మేళాలో క్యూసీ ట్రైనీ పోస్టు గురించి మాట్లాడాను, హెచ్‌పీఎల్‌సీ గురించి అడిగారు. రెజ్యూమే మెయిల్ చేశాను" అంటే చాలు. అక్కడ మళ్లీ ఉద్యోగం అడగవద్దు.

జవాబు రాకపోతే

ఏడెనిమిది పనిదినాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. కొత్త మెయిల్ రాయకుండా, మీరు పంపిన మెయిల్‌నే తెరిచి దానికే రిప్లై కొట్టండి, పాతదంతా కిందే ఉంటుంది, ఆవిడ వెతుక్కోనక్కర్లేదు. రెండు వాక్యాలు చాలు: "మేడమ్, నల్గొండ మేళా తర్వాత క్యూసీ ట్రైనీ పోస్టుకి రెజ్యూమే పంపాను. ఈ పోస్టుకి ఇంకా పిలుపులు ఉన్నాయా?" ఈలోగా ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిందనుకోండి, ఆ మాటతోనే మొదలుపెట్టండి. కొత్త సంగతి ఉన్న మెయిల్‌ని ఒత్తిడి అనుకోరు. దానికీ జవాబు లేకపోతే ఆవిడని వదిలేసి కంపెనీ వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ చూసి అక్కడ దరఖాస్తు చేయండి. మూడోసారి రాస్తే ఆ రిమార్కు గడిలో ఇంకో మాట చేరుతుంది, అది మీకు నచ్చేది కాదు.

జవాబుగా ఏదైనా ఫారం లింకు వస్తే అదే రోజు నింపండి. రెజ్యూమే మళ్లీ పంపమంటే "ముందే పంపాను" అనకుండా మళ్లీ జత చేసి పంపండి.

ఇంకో సంగతి ఉంది. మేళా తర్వాత ఒకటి రెండు వారాల్లో మీకు వేరే ఫోన్లు కూడా రావచ్చు. స్టాళ్ల మీద పంచిన రెజ్యూమేలు ఎవరి చేతుల్లో పడతాయో తెలియదు. "మీరు సెలెక్ట్ అయ్యారు, యూనిఫాం కోసం, ట్రైనింగ్ కోసం, రిజిస్ట్రేషన్ కోసం ఇంత కట్టండి" అంటే అక్కడితో ఆపేయండి, అది ఆ కంపెనీ పేరు మీద వచ్చినా సరే. మీ దగ్గర ఆవిడ కార్డు ఉంది. పిలుపు నిజమో కాదో కార్డు మీద ఉన్న చిరునామాకే రాసి అడగండి, ఫోన్ చేసినవాళ్లు ఇచ్చిన నంబరుకి కాదు. డబ్బు అప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.